రుషికొండ నుంచి అరకు: 18 గంటల లెక్క

మధ్యాహ్నం రెండింటికి రుషికొండ నుంచి నేరుగా అరకు వెళ్లిపోవాలని మా బావమరిది ముందే కారు మాట్లాడేశాడు. అక్కడ గది కూడా బుక్ చేశాడు. స్కూబా కోర్సులో చివరి డైవ్ ముగించుకుని నేను పన్నెండున్నరకు నీళ్లలోంచి పైకి వచ్చాను. సామాన్లు సర్దుకుంటూ మాటల్లో ఈ సంగతి చెప్పగానే ఇన్‌స్ట్రక్టర్ గారు చేస్తున్న పని ఆపేశారు. "ఈరోజు ఘాట్ రోడ్డు ఎక్కడానికి వీల్లేదు సార్. రేపు వెళ్లండి" అన్నారు.

డైవింగ్ చేశాక వెంటనే విమానం ఎక్కకూడదని నేను చదివాను. పరీక్షలో ఆ ప్రశ్నకు జవాబు కూడా రాశాను. కానీ అరకు రోడ్డు కూడా ఆ లెక్కలోకే వస్తుందని నాకు తట్టలేదు. మన వైపు వైజాగ్ వెళ్లినవాళ్లు దాదాపు అందరూ అరకు కూడా చూసి వస్తారు. ఇప్పుడు రుషికొండలో డైవింగ్ చేసేవాళ్లూ పెరుగుతున్నారు కాబట్టి ఈ రెండింటికీ మధ్య ఉన్న సంబంధం ఏమిటో, నాకు అర్థమైన వరుసలోనే చెబుతాను.

నాకు విజయవాడ ఆటోనగర్‌లో టైర్ల షాపు ఉంది. కోర్సు పుస్తకం చదువుకోవడం మూడు వారాల పాటు అక్కడే సాగింది, రాత్రి షట్టర్ దించాక. ఒత్తిడి అనే మాట నాకు కొత్త కాదు. కారు టైరుకు మామూలుగా 32 పీఎస్ఐ గాలి పెడతాం. అంటే బయట ఉన్న గాలి కంటే సుమారు 2.2 బార్లు ఎక్కువ. ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి. సముద్రంలో ప్రతి 10 మీటర్లకు ఒక బార్ చొప్పున ఒత్తిడి పెరుగుతుంది. ఆ లెక్కన 22 మీటర్ల లోతులో మనిషి చుట్టూ ఉండే ఒత్తిడి, గాలి నింపిన కారు టైరు లోపల ఉన్నంత. ఇది తట్టిన రోజు పుస్తకం మూసేసి కాసేపు షాపులో టైర్ల వంకే చూస్తూ కూర్చున్నాను.

అంత ఒత్తిడిలో ఊపిరితిత్తులు నిండాలంటే లోపలికి వచ్చే గాలి కూడా అంతే ఒత్తిడితో రావాలి. నోట్లో పెట్టుకునే రెగ్యులేటర్ చేసే పని అదే. పైన ఒత్తిడి 1 బార్, 18 మీటర్ల దగ్గర 2.8 బార్లు. కాబట్టి అక్కడ తీసుకునే ఒక్కో శ్వాసలో, ఒడ్డున తీసుకునే దానికంటే 2.8 రెట్లు గాలి ఉంటుంది. ఆ గాలిలో సుమారు 79 శాతం నైట్రోజన్. ఆక్సిజన్‌ను శరీరం వాడుకుంటుంది. నైట్రోజన్‌తో శరీరానికి ఏ పనీ లేదు, దాన్ని ఖర్చు చేసే దారీ లేదు. అది ఊపిరితిత్తుల నుంచి రక్తంలో కరిగి, రక్తంతో పాటు కండరాలకు, కొవ్వుకు, కీళ్లకు చేరుతుంది. ఒత్తిడి పెరిగినకొద్దీ ద్రవంలో వాయువు ఎక్కువగా కరుగుతుంది. లోతులో ఉన్నంతసేపూ ఇది ఒక హద్దు వరకు జరుగుతూనే ఉంటుంది.

పైకి వచ్చేటప్పుడు అదంతా వెనక్కి రావాలి. ఒత్తిడి నెమ్మదిగా తగ్గితే నైట్రోజన్ రక్తంలోకి, అక్కడి నుంచి ఊపిరిలోకి వచ్చి బయటికి పోతుంది. ఒక్కసారిగా తగ్గితే రక్తంలోనూ కండరాల్లోనూ బుడగలు కడుతుంది. 1878లో ఫ్రెంచి శాస్త్రవేత్త పాల్ బెర్ట్ ఈ బుడగలు నైట్రోజన్‌వేనని చూపించాడు. దీన్ని చెప్పడానికి అందరూ గోలీ సోడానే ఉదాహరణగా తీసుకుంటారు. గోలీ లోపలికి నొక్కగానే పొంగుతుంది కదా, అలాగే అని. బుడగలు ఎలా పుడతాయో చెప్పడానికి అది చాలు. కానీ సోడా కాయలో అసలు విషయం ఒకటి లేదు. అది కాలం. ఎంతసేపు ఉంటే ఎంత నైట్రోజన్ చేరుతుంది? తెలియాల్సింది అది.

అది నాకు కంప్రెసర్ దగ్గర అర్థమైంది. ఖాళీ టైరుకు గొట్టం తగిలిస్తే మొదట గాలి జోరుగా దూరుతుంది. టైరులో ఒత్తిడి కంప్రెసర్ ఒత్తిడికి దగ్గరపడేకొద్దీ నెమ్మదిస్తుంది. ఎందుకంటే గాలిని తోసేది రెండింటి మధ్య ఉన్న తేడా మాత్రమే. శరీరంలోకి నైట్రోజన్ చేరేదీ ఇలాగే. పైగా అదే గొట్టంతో సైకిల్ ట్యూబు క్షణాల్లో నిండుతుంది, లారీ టైరుకు చాలాసేపు పడుతుంది. రక్తం బాగా తిరిగే భాగాలు సైకిల్ ట్యూబు లాంటివి. రక్తం తక్కువగా అందే కీళ్ల చుట్టుపక్కల భాగాలు లారీ టైరు లాంటివి. కొవ్వుదీ అదే నడక. దానిలో నైట్రోజన్ నీటిలో కంటే సుమారు ఐదు రెట్లు ఎక్కువగా కరుగుతుంది. అందుకే అది నిండడానికీ ఖాళీ కావడానికీ కూడా చాలా సమయం పడుతుంది.

1908లో శరీరధర్మ శాస్త్రవేత్త జాన్ స్కాట్ హాల్డేన్, తన ఇద్దరు సహచరులతో కలిసి బ్రిటిష్ నౌకాదళం కోసం దీన్ని లెక్కలోకి తెచ్చాడు. మేకలను ఒత్తిడి గదిలో ఉంచి పరీక్షించారు. ఆయన శరీరాన్ని ఐదు భాగాలుగా ఊహించుకున్నాడు. వీటిని కంపార్ట్‌మెంట్లు అంటారు. ఇవి గుండె, మెదడు లాంటి అవయవాలు కావు, లెక్క కోసం పెట్టుకున్న డబ్బాలు. ఒక్కో డబ్బాకు ఒక హాఫ్ టైమ్ ఉంటుంది. అంటే ఉన్న తేడాలో సగం పూడడానికి పట్టే సమయం. ఆయన పెట్టుకున్నవి 5, 10, 20, 40, 75 నిమిషాలు. ఇవాళ చేతికి కట్టుకునే డైవ్ కంప్యూటర్లలో చాలావాటి లోపల నడిచేది కూడా, డబ్బాల సంఖ్య పెరిగినా, మూలంలో ఈ లెక్కే.

ఒక రాత్రి షాపులో బిల్లు పుస్తకం వెనక ఈ లెక్క వేసి చూశాను. 18 మీటర్ల లోతు తీసుకున్నాను. మనం ఒడ్డున ఉన్నప్పుడు శరీరంలో నైట్రోజన్ ఒత్తిడి 0.79 బార్. 18 మీటర్ల దగ్గర పీల్చే గాలిలో అది 2.21. తేడా 1.42. ఇప్పుడు 40 నిమిషాల డబ్బాను చూద్దాం. 40 నిమిషాలు గడిచేసరికి తేడాలో సగం, అంటే 0.71 చేరి, అది 1.50 అవుతుంది. ఇంకో 40 నిమిషాలు ఉంటే మిగిలిన తేడాలో సగమే చేరుతుంది, మొత్తం కాదు. అదే 5 నిమిషాల డబ్బా అయితే మొదటి అరగంటలోనే దాదాపు పూర్తిగా నిండిపోతుంది.

మరి నిండిపోతే ప్రమాదమేగా అని మొదట అనుకున్నాను. కాదు. ఒక్కో డబ్బా, ఒడ్డుకు వచ్చాక ఎంత నైట్రోజన్‌ను బుడగలు కట్టి బాధపెట్టకుండా తట్టుకోగలదో దానికి ఒక హద్దు ఉంది. త్వరగా నిండే డబ్బాలు త్వరగానే ఖాళీ అవుతాయి కాబట్టి వాటికి ఎక్కువ హద్దు, నెమ్మదైనవాటికి తక్కువ. 1965లో అమెరికా నౌకాదళానికి చెందిన రాబర్ట్ వర్క్‌మన్ ఈ హద్దులను ఒక్కో డబ్బాకు విడిగా ఇచ్చాడు. ఆయన అంకెలను బార్లలోకి మార్చితే 5 నిమిషాల డబ్బాకు సుమారు 3.15, 40 నిమిషాల డబ్బాకు 1.70.

ఇప్పుడు చూడండి. 18 మీటర్ల దగ్గర 5 నిమిషాల డబ్బా పూర్తిగా నిండినా 2.21 దాటదు. దాని హద్దు 3.15. కాబట్టి ఆ లోతులో దానితో చిక్కే లేదు. 40 నిమిషాల డబ్బా మాత్రం 0.79 నుంచి పెరుగుతూ 1.70 చేరేసరికి నేను వేసిన లెక్కలో 59 నిమిషాలు వచ్చింది. మిగతా డబ్బాలు తమ హద్దులు చేరడానికి ఇంకా ఎక్కువ సమయం ఉంది. ఏ లోతులో ఎంతసేపు ఉండొచ్చో చెప్పే అమెరికా నౌకాదళం పాత టేబుల్‌లో 60 అడుగులకు, అంటే సుమారు 18 మీటర్లకు, ఇచ్చింది 60 నిమిషాలు. ఆ అంకె కళ్ల ముందు పడ్డప్పుడు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. ఎవరో నిర్ణయించిన నియమంలా కనిపించిన అంకె, బిల్లు పుస్తకం వెనక నా చేతి లెక్కలోంచి బయటికి వచ్చింది.

నో-డికంప్రెషన్ లిమిట్ అంటే ఇదే. ఏదో ఒక డబ్బా, అన్నిటికంటే ముందుగా, తన హద్దును చేరే సమయం. అప్పటిలోపు బయల్దేరితే మధ్యలో ఎక్కడా తప్పనిసరిగా ఆగకుండా, సరైన వేగంతో నేరుగా పైకి రావచ్చు. దాటితే నీళ్లలో చెప్పిన లోతుల్లో చెప్పినంతసేపు ఆగి, నైట్రోజన్ దిగనిచ్చాకే పైకి రావాలి. మామూలు కోర్సు చేసినవాళ్లకు ఆ శిక్షణ ఉండదు. ఆ పేరే తప్పుదోవ పట్టిస్తుందని నా అభిప్రాయం. 'నో-డికంప్రెషన్' అనగానే డికంప్రెషన్, అంటే ఒత్తిడి తగ్గడం, జరగదనిపిస్తుంది. కానీ నీళ్లలోంచి పైకి వచ్చిన ప్రతిసారీ అది జరుగుతుంది. 'ఆగకుండా రాగల పరిమితి' అంటే సరిగ్గా ఉండేది.

లోతు పెరిగితే ముందుగా హద్దు చేరే డబ్బా కూడా మారిపోతుంది. 30 మీటర్లకు అదే లెక్క వేస్తే 10 నిమిషాల డబ్బా సుమారు 23 నిమిషాల్లోనే హద్దు చేరింది. మా కోర్సు టేబుల్ ఇంకా జాగ్రత్తగా ఉంటుంది. 18 మీటర్లకు 56 నిమిషాలు, 30 మీటర్లకు 20 మాత్రమే ఇస్తుంది. ఒక విషయం ఇక్కడ తప్పక చెప్పాలి. 12 లీటర్ల సిలిండర్‌తో నాలాంటి కొత్తవాడికి 18 మీటర్ల దగ్గర గాలి అరగంటకే అడుగంటుతుంది. మొదటి డైవ్‌లో లిమిట్ దాకా వెళ్లే అవకాశమే లేదు. అందుకే చాలామంది ఆ అంకెను పట్టించుకోరు. అది మనల్ని పట్టుకునేది రెండో డైవ్‌లో, లేదా 30 మీటర్ల లాంటి లోతుల్లో. అక్కడ గాలి, లిమిట్ రెండూ దాదాపు ఒకేసారి అయిపోతాయి.

రెండో డైవ్ సంగతి రుషికొండలో కళ్లారా చూశాను. చివరి రోజు మొదటి డైవ్‌లో 16 మీటర్లకు దిగాం. నీళ్లు అంత తేటగా లేవు, నాలుగైదు మీటర్లకు మించి కనిపించలేదు. దిగుతున్నకొద్దీ అద్దెకు తీసుకున్న కంప్యూటర్ తెర మీద NDL, అంటే నో-డికంప్రెషన్ లిమిట్, పక్కన అంకె తగ్గుతూ వచ్చి, అడుగుకు చేరేసరికి 64 చూపించింది. ఇరవై నిమిషాలు తిరిగాక 43. తర్వాత బండల వెంట 12 మీటర్లకు పైకి వస్తే అదే అంకె మళ్లీ పెరిగింది. మొదట తికమకపడ్డాను. సమయం గడిచింది కదా, పెరగడం ఏమిటని. శరీరంలో అప్పటికే చేరిన నైట్రోజన్ అలాగే ఉంది. కానీ పైన తోసే ఒత్తిడి తగ్గింది కాబట్టి, ఇక ముందు నెమ్మదిగా నిండుతుంది. టేబుల్ చెప్పలేని ఈ సంగతిని కంప్యూటర్ క్షణక్షణం చెబుతుంది.

పైకి వచ్చేటప్పుడు 5 మీటర్ల దగ్గర తాడు పట్టుకుని మూడు నిమిషాలు ఆగాం. ఇది సేఫ్టీ స్టాప్, తప్పనిసరి కాదు కానీ మా ఇన్‌స్ట్రక్టర్ గారు ఏ డైవ్‌లోనూ వదలలేదు. గంట సేపు పడవ మీద కూర్చుని రెండో డైవ్‌కు సిద్ధమవుతుంటే, నాతో పాటు నేర్చుకుంటున్న కుర్రాడు తన కంప్యూటర్ పట్టీ బిగుతుగా ఉందని నాది అడిగాడు. నేను విప్పబోయాను. ఇన్‌స్ట్రక్టర్ గారు గట్టిగానే అడ్డుకున్నారు. "దానిలో ఉన్నది మీ నైట్రోజన్ సార్, ఆయనది కాదు. పట్టీ మార్చుకోండి, కంప్యూటర్ మార్చుకోకండి" అన్నారు. మొదటి డైవ్‌లో ఎవరు ఎంత లోతుకు ఎంతసేపు వెళ్లారో కంప్యూటర్ గుర్తుపెట్టుకుని, మిగిలి ఉన్న నైట్రోజన్‌తోనే రెండో లెక్క మొదలుపెడుతుంది. చేతులు మారితే లెక్క తప్పుతుంది. తెర మీద మాత్రం అంకె ఎప్పటిలాగే నమ్మకంగా కనిపిస్తుంది.

రెండో డైవ్‌లో అదే లోతు దగ్గర నాకు 64 బదులు 51 చూపించింది. బిల్లు పుస్తకం లెక్కలోనూ ఇదే జరుగుతుంది. 40 నిమిషాల డబ్బా 1.50కి నిండి, ఒడ్డున 80 నిమిషాలు గడిపితే అదనంగా చేరిన 0.71లో సగం, మళ్లీ దానిలో సగం పోయి ఇంకా 0.18 దాకా మిగులుతుంది. ఆకలి తీరింది, బట్టలు ఆరాయి, అలసట పోయింది. శరీరం మాత్రం ఇంకా మొదటి డైవ్‌లోంచి పూర్తిగా బయటికి రాలేదు.

ఇక అరకు. సముద్రమట్టం దగ్గర మన చుట్టూ 1 బార్ ఒత్తిడి ఉంది. అరకు లోయ సుమారు 900 మీటర్ల ఎత్తు, అక్కడ ఒత్తిడి 0.9 బార్‌కు దగ్గరగా పడిపోతుంది. ఘాట్ దారి ఇంకా పైకి వెళ్లి దిగుతుంది. పైన చెప్పిన హద్దులన్నీ సముద్రమట్టానికి వచ్చి ఆగేవాడి కోసం వేసినవి. కొండ ఎక్కడమంటే నీళ్లలోంచి బయటికి వచ్చాక మళ్లీ 'పైకి' రావడమే. ఇంకో మెట్టు ఒత్తిడి తగ్గుతుంది, తట్టుకునే హద్దూ తగ్గుతుంది. మూడు నాలుగు గంటల ప్రయాణంలో వేగంగా నిండే డబ్బాలు ఖాళీ అవుతాయి, నిజమే. కానీ రెండు రోజుల్లో నాలుగు డైవ్‌లు చేసినవాడిలో నెమ్మదైన డబ్బాలు ఒక్కో రోజుది పోగేసుకుంటూ వస్తాయి. కొవ్వులో దాక్కున్నది నాలుగు గంటల్లో పోదు.

2002లో డైవర్ల భద్రత కోసం పనిచేసే డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ నిపుణుల సమావేశం నుంచి వచ్చిన సూచనలు ఇలా ఉన్నాయి. విమానం ఎక్కే ముందు, లిమిట్ దాటని ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, ఒకటి కంటే ఎక్కువ లేదా వరుస రోజుల్లో చేస్తే కనీసం 18 గంటలు ఆగాలి. విమానంలోని ఒత్తిడి అంటే 2,000 నుంచి 8,000 అడుగుల ఎత్తుకు సమానమని అనుకుని ఇచ్చిన సూచన అది. 2,000 అడుగులంటే 600 మీటర్లు. అరకు సరిగ్గా దానిలోకి వస్తుంది. కారులో వెళ్లినా, రైలులో వెళ్లినా తేడా లేదు. ఒత్తిడికి మనం ఏ బండి ఎక్కామన్నది తెలియదు.

ఇన్‌స్ట్రక్టర్ గారు నన్ను కూర్చోబెట్టి ఇంకో సంగతి చెప్పారు. లిమిట్ లోపల ఉన్నా అది హామీ కాదు. లెక్కలన్నీ పాటించినవాళ్ల రక్తంలోనూ శబ్ద తరంగాలతో చేసే డాప్లర్ పరీక్షలో చిన్న బుడగలు వినిపించాయి. వాటితో ఎక్కువమందికి ఏమీ కాదు, కొద్దిమందికి అవుతుంది. నీళ్లు సరిగ్గా తాగకపోయినా, పైకి వచ్చాక బరువులు మోసినా ప్రమాదం పెరగొచ్చు. "భుజంలోనో మోచేతిలోనో లోపల్నుంచి నొప్పి, చర్మం మీద మచ్చలు, తిమ్మిరి, మామూలుగా లేని నీరసం, వీటిలో ఏది కనిపించినా బరువు ఎత్తినందుకేలే అనుకోకండి, నాకు ఫోన్ చెయ్యండి. చాలావరకు ఆరు గంటల్లోపే బయటపడతాయి, కానీ ఒక్కోసారి మరునాటి వరకు పట్టొచ్చు" అన్నారు. మొదటి చికిత్స స్వచ్ఛమైన ఆక్సిజన్ పీల్చడం, తర్వాత డాక్టర్ పర్యవేక్షణలో ఒత్తిడి గదిలో పెట్టడం. అది అందుబాటులో లేని కొండమీద ఇవి మొదలైతే ఏమవుతుందో ఆలోచించమన్నారు. అంతకుమించి నాకు చెప్పనక్కర్లేకపోయింది.

మా బావమరిదికి ఇవన్నీ చెబుతుంటే మధ్యలోనే "సరే బావా, కైలాసగిరి వెళ్లొచ్చా మరి?" అని అడిగాడు. రెండు వందల మీటర్లు కూడా లేని కొండ అది, ఫోన్‌లో అడిగితే ఇన్‌స్ట్రక్టర్ గారు వెళ్లమన్నారు. కారు డబ్బులు కొంత పోయాయి. గది మరునాటికి మార్చారు. సాయంత్రం అందరం కైలాసగిరి మీద కూర్చుంటే, మా ఆవిడ గంటగంటకూ నా భుజం తడిమి చూస్తూ తిమ్మిరిగా ఉందా అని అడుగుతూనే ఉంది.

డైవ్ ముగిసింది పన్నెండున్నరకు. 18 గంటలు కలిపితే తెల్లవారి ఆరున్నర. మరునాడు పొద్దున రైలులో బయల్దేరాం. శృంగవరపుకోట దాటి బండి కొండల్లోకి దూరాక, సొరంగాలు మొదలయ్యాక లాగ్ పుస్తకం తీసి చివరి డైవ్ వివరాల కింద రాసుకున్నాను: ఎత్తు ఎక్కడం మొదలు, 20 గంటల తర్వాత.